గృహ రుణ ఫారంలో రెండో పేరు

గృహ రుణానికి దరఖాస్తు చేసేటప్పుడు అసలు దరఖాస్తుదారుతో పాటు సంతకం చేసే రెండో వ్యక్తిని సహ దరఖాస్తుదారు అంటారు. బ్యాంకుల్లో అందరి నోటా వినిపించే మాట మాత్రం కో-అప్లికెంట్. ఎక్కువగా భార్యో భర్తో ఈ స్థానంలో ఉంటారు. తర్వాత తల్లిదండ్రులు, కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు. అన్నదమ్ములు కలిసి తీసుకునే రుణానికి కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, అదీ ఇల్లు ఇద్దరి పేర్లమీదా ఉంటేనే. స్నేహితుల్ని చాలా బ్యాంకులు అంగీకరించవు. 18 ఏళ్లు నిండనివారికి ఒప్పందం చేసే అర్హత చట్టప్రకారమే లేదు కాబట్టి మైనర్ల పేరు రాయడానికి వీల్లేదు.

ఈ రెండో పేరు రాసేటప్పుడు మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోతుంటాయి. రుణ అర్హత లెక్కలో ఎవరి ఆదాయం ఎంత అన్నది మొదటిది. ఇంటిలో ఎవరికెంత వాటా అన్నది రెండోది. అప్పు తీర్చే బాధ్యత ఎవరిమీద ఎంత అన్నది మూడోది. దరఖాస్తు ఫారం వివరంగా అడిగేది మొదటిదాన్నే. రెండోది విక్రయ దస్తావేజులో తేలుతుంది, మూడోది రుణ ఒప్పందంలో తేలుతుంది. ఫారంలో ఆదాయ వాటా 60, 40 అని రాసినంత మాత్రాన ఇంటిలో వాటా గానీ, అప్పులో వాటా గానీ అలా పంచుకున్నట్టు కాదు. ఇబ్బందులు చాలావరకు ఈ తేడా తెలియకే వస్తాయి.

ఇంటికి ఇద్దరు యజమానులుంటే ఇద్దరూ రుణ దరఖాస్తులో సంతకం చేయాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి. యజమానుల్లో ఒకరు తాకట్టుకు బయట ఉంటే రేపు ఆ ఇంటిమీద బ్యాంకుకు పూర్తి హక్కు ఉండదు. అటునుంచి ఇటు మాత్రం ఈ నియమం పనిచేయదు. ఇంటిలో వాటా లేనివారు కూడా కేవలం ఆదాయం చూపడానికి కో-అప్లికెంట్ కావచ్చు. అలాగే ఆదాయమేమీ లేని గృహిణి సహ యజమాని అయినందువల్ల కో-అప్లికెంట్ కావచ్చు. ఆమె విషయంలో ఆదాయం గడిలో సున్నా రాయడంలో తప్పులేదు. లేని ట్యూషన్ల ఆదాయం, కుట్టుపని ఆదాయం కల్పించి రాస్తేనే చిక్కు. రుజువు చూపలేని అంకె ఒక్కటి కనబడినా అధికారి మిగతా అంకెలన్నిటినీ అనుమానంగా చూస్తారు.

ఫారంలో కో-అప్లికెంట్ కోసం సాధారణంగా విడిగా ఒక భాగం ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, పాన్, ఆధార్, అసలు దరఖాస్తుదారుతో బంధుత్వం, చిరునామా, ఉద్యోగం, ఆదాయం, ఇప్పటికే ఉన్న అప్పులు, ఆస్తులు అన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలి. ‘పైన రాసినట్టే’ అని వదిలేయకూడదు. ఇందులో తెలుగువారికి ఎక్కువగా తలనొప్పి తెచ్చేది పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాన్ కార్డులో ఆ అక్షరం పూర్తి ఇంటిపేరుగా మారి, కొన్నిసార్లు పేరుకు చివర చేరుతుంది. ఆధార్‌లో మొదట వస్తుంది. పెళ్లయిన స్త్రీల విషయంలో పాన్ పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మామూలే. బ్యాంకు క్రెడిట్ రిపోర్టు తెప్పించుకునేది ప్రధానంగా పాన్ ఆధారంగా కనుక దరఖాస్తులో పాన్‌లో ఉన్నట్టే పేరు రాయడం మంచిది. విక్రయ ఒప్పందంలో పేరు వేరేగా ఉంటే రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే నోటరీ అఫిడవిట్ అడుగుతారు. రిజిస్ట్రేషన్‌కు ముందే పేరు సరిచేసుకుంటే ఖర్చు కొద్దిపాటిది. రిజిస్టరైన దస్తావేజులో తప్పు దొర్లితే సవరణ దస్తావేజు రాయించి మళ్లీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే.

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ఇంకో చిన్న విషయం ఉంది. కో-అప్లికెంట్ సమ్మతి వారి ఫోన్‌కు వచ్చే ఓటీపీ ద్వారానే నమోదవుతుంది. ఇంట్లో అందరికీ ఒకే నంబరు ఇచ్చే అలవాటు వల్ల చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. ఇద్దరికీ వేర్వేరు నంబర్లు, వేర్వేరు ఈమెయిల్ చిరునామాలు ఉండాలి. ఆ ఓటీపీ చెప్పేముందు ఏ సమ్మతికి చెబుతున్నారో కో-అప్లికెంట్ చదవాలి. రుణం తీసుకోవడానికి, తన క్రెడిట్ చరిత్ర చూడటానికి ఆ వ్యక్తి ఇస్తున్న అనుమతి అదే.

ఇక ఆదాయం సంగతి. ఒక ఉదాహరణ తీసుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఒక దంపతులు 58 లక్షల రూపాయల ఫ్లాట్ కొనాలనుకున్నారు. భర్త ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్. అన్ని కోతలూ పోను చేతికొచ్చేది నెలకు 60 వేలు. కారు రుణం కింద నెలకు 8 వేల ఈఎంఐ కడుతున్నారు. భార్య ప్రైవేటు స్కూల్ టీచర్, చేతికి 35 వేలు వస్తుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహ రుణమైతే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. 58 లక్షల్లో 80 శాతమంటే 46 లక్షల 40 వేలు. వారికి కావలసింది 45 లక్షలు. అంటే ఇంటి విలువ వైపునుంచి అడ్డు లేదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ విలువలో కలవవు, అవి సొంతంగా పెట్టుకోవాలి.

అడ్డు వచ్చేది ఆదాయం వైపునుంచే. నెల ఆదాయంలో ఎంత భాగం ఈఎంఐలకు పోవచ్చో బ్యాంకులు ముందే ఒక పరిమితి పెట్టుకుంటాయి. ఆదాయాన్ని బట్టి, బ్యాంకును బట్టి అది మారుతుంది. సగం అనుకుని లెక్కేద్దాం. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అయితే లక్ష రూపాయల అప్పుకు ఈఎంఐ నెలకు సుమారు 868 రూపాయలు. భర్త ఒక్కడే దరఖాస్తు చేస్తే 60 వేలలో సగం 30 వేలు, అందులో కారు ఈఎంఐ 8 వేలు తీసేస్తే మిగిలేది 22 వేలు. దాన్ని 868తో భాగిస్తే అర్హత 25 లక్షలు దాటి కొంచెం వస్తుంది. భార్య ఆదాయం కలిపితే మొత్తం 95 వేలు, సగం 47,500. కారు ఈఎంఐ పోను 39,500. ఇప్పుడు అర్హత 45 లక్షల 50 వేలు. 35 వేల జీతం 20 లక్షల తేడా తెచ్చింది. ఫారంలోనో, బ్యాంకు లెక్కల కాగితంలోనో కనిపించే ఆదాయ వాటా ఇక్కడినుంచే పుడుతుంది. 95 వేలలో భర్తది 63 శాతం, భార్యది 37 శాతం.

అయితే ఆ 35 వేలు మొత్తం లెక్కలోకి వస్తాయా అన్నది వేరే ప్రశ్న. చాలా ప్రైవేటు స్కూళ్లలో జీతం కొంత బ్యాంకులో పడుతుంది, కొంత నగదుగా చేతికిస్తారు. ఖాతాలో 22 వేలే పడుతుంటే బ్యాంకు చూసేది ఆ 22 వేలనే. జీతం సర్టిఫికెట్‌లో 35 వేలని రాయించుకొచ్చినా దాన్ని ఖాతా స్టేట్‌మెంట్‌తో, ఫారం 16తో పోల్చి చూస్తారు. అప్పుడు అర్హత లెక్క 82 వేల మీద జరుగుతుంది, సుమారు 38 లక్షలకు పడిపోతుంది. ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే చిక్కే. అందుకే ఫారం నింపడానికి ముందే మూణ్నెల్ల జీతం చీటీలు, ఆరునెలల ఖాతా స్టేట్‌మెంట్, ఫారం 16 పక్కపక్కన పెట్టి అంకెలు కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి.

స్థూల జీతం, చేతికొచ్చే జీతం అనే రెండు గడులు దాదాపు ప్రతి ఫారంలోనూ ఉంటాయి. ప్రావిడెంట్ ఫండ్, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను కోతలు పోను వచ్చేదే చేతి జీతం. జీతంలోనే కోఆపరేటివ్ సొసైటీ అప్పు వాయిదా కోస్తుంటే కొంచెం జాగ్రత్తగా రాయాలి. ఆ వాయిదా పోయాక వచ్చిన మొత్తాన్ని చేతి జీతంగా రాసి, కింద అప్పుల గడిలోనూ అదే వాయిదాను రాస్తే ఒకే అప్పు రెండుసార్లు తగ్గుతుంది. అలాంటప్పుడు వాయిదా కోతను విడిగా చూపిస్తూ జీతం చీటీ జతచేసి అధికారికి చెప్పాలి. ఓవర్‌టైమ్, ఇన్సెంటివ్ లాంటి మారే మొత్తాలను చాలా బ్యాంకులు కొన్ని నెలల సగటు తీసి, అందులోనూ కొంత భాగమే లెక్కిస్తాయి. ప్రయాణ ఖర్చుల కింద తిరిగి ఇచ్చే డబ్బును ఆదాయంగా చూడవు.

కో-అప్లికెంట్ వ్యాపారం చేస్తుంటే జీతం చీటీ స్థానంలో రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు కావాలి. కిరాణా దుకాణమో, బ్యూటీ పార్లరో బాగా నడుస్తున్నా రిటర్ను దాఖలు చేయకపోతే ఆ ఆదాయం బ్యాంకు కంటికి కనిపించదు. రుణం అవసరమనుకోగానే రెండేళ్ల రిటర్నులు ఒకే వారంలో దాఖలు చేయడం పరిపాటి. రిటర్ను రసీదు మీద దాఖలు తేదీ ఉంటుంది గనుక అధికారి దాన్ని వెంటనే గుర్తిస్తారు. అలాంటి రిటర్నులను పక్కనపెట్టడమో, మరిన్ని రుజువులు అడగడమో జరుగుతుంది. ఇంటి అద్దె విషయంలో అగ్రిమెంటు ఉండి డబ్బు ఖాతాలో పడుతుంటే కొంత భాగం లెక్కలోకి వస్తుంది. నగదుగా తీసుకునే అద్దెకు విలువ ఉండదు.

కో-అప్లికెంట్ తనతో పాటు ఆదాయాన్నే కాదు, అప్పుల్ని కూడా తెస్తారు. పై ఉదాహరణలో భార్య పేరున నెలకు 6 వేల ఈఎంఐతో ఒక పర్సనల్ లోన్ ఉందనుకుందాం. 39,500 కాస్తా 33,500 అవుతుంది. అర్హత 38 లక్షల 60 వేలకు జారుతుంది. ఫారంలో ఆ అప్పు రాయకపోయినా క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. దాచారన్న ముద్ర అదనంగా మిగులుతుంది. ఆ అప్పు ఇంకా లక్ష లోపే ఉంటే ముందుగా తీర్చేసి, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే లేఖను దరఖాస్తుకు జతచేయడం మంచిదారి. ఆ లక్ష సుమారు ఏడు లక్షల అర్హతను తిరిగి తెస్తుంది. లేఖ ఎందుకంటే, తీర్చిన అప్పు క్రెడిట్ రిపోర్టులో మూసేసినట్టు కనిపించడానికి కొంత సమయం పడుతుంది. క్రెడిట్ కార్డు బాకీలు, బంధువుల అప్పుకు ఇచ్చిన హామీ సంతకాలు కూడా ఇదే గడిలోకి వస్తాయి. నెలనెలా చీటీ పాట కడుతుంటే అది ఖాతా స్టేట్‌మెంట్‌లో కనబడుతుంది. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

క్రెడిట్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఇద్దరిలో ఒకరిది బాగా తక్కువగా ఉంటే సగటు తీసి సర్దుకునే బ్యాంకులు అరుదు. తక్కువ స్కోరు దరఖాస్తునే ఆపవచ్చు, లేదా వడ్డీని పెంచవచ్చు. అలాంటప్పుడు ఆ వ్యక్తి ఆదాయం నిజంగా అవసరమా అని ముందు లెక్క వేసుకోవాలి. అవసరం లేకపోతే, ఆ వ్యక్తి ఇంటికి యజమాని కూడా కాకపోతే, రెండో పేరు చేర్చకపోవడమే మేలు.

వయసు ఇంకో మలుపు. కొడుకు, తండ్రి కలిసి దరఖాస్తు చేసి ఇద్దరి ఆదాయాలూ చూపితే, తండ్రి పదవీ విరమణ తేదీ గడువును కుదిస్తుంది. తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. తెలంగాణ ప్రభుత్వంలో పనిచేసే 57 ఏళ్ల తండ్రి జీతం ఇంకో నాలుగేళ్లే వస్తుంది. 20 ఏళ్ల అప్పుకు ఆ జీతాన్ని చివరిదాకా లెక్కించడం కుదరదు. కొన్ని బ్యాంకులు విరమణ వరకు జీతం, ఆ తర్వాత పెన్షన్ తీసుకుని లెక్కిస్తాయి. కొన్ని గడువునే తగ్గిస్తాయి, దాంతో ఈఎంఐ పెరుగుతుంది. తండ్రి పేరు చేరినా ఆయన ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కోరే వీలు చాలాచోట్ల ఉంటుంది. కొడుకు జీతమే సరిపోయేటట్టుంటే ఆ వీలును వాడుకుని పూర్తి గడువు నిలుపుకోవచ్చు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కొడుకు పేరు చేర్చినప్పుడు పాస్‌పోర్టు, వీసా, అక్కడి ఉద్యోగ పత్రం, జీతం చీటీలతో పాటు ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా స్టేట్‌మెంట్ కావాలి. సంతకాల కోసం ఆయన ప్రతిసారీ రాలేరు కాబట్టి ఇక్కడున్న తల్లికో తండ్రికో పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. అందులో ఇల్లు కొనే అధికారం మాత్రమే రాసి, రుణం తీసుకునే, ఇంటిని తాకట్టు పెట్టే అధికారం రాయకపోవడం తరచూ జరిగే లోపం. బ్యాంకు తన నమూనా ఇస్తుంది. రాయించే ముందే దాన్ని తెప్పించుకోవాలి.

బాధ్యత విషయానికొస్తే, ఆదాయ వాటాకు అక్కడ విలువేమీ లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు ఉమ్మడిగా మాట ఇస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు మొత్తం నెరవేర్చమని వారిలో ఎవరినైనా అడగవచ్చు. రుణ ఒప్పందాలు కూడా ఇదే భాషలో ఉంటాయి. ఉదాహరణలోని భార్య ఆదాయ వాటా 37 శాతమే అయినా, భర్త ఉద్యోగం పోయి ఈఎంఐలు ఆగితే బ్యాంకు ఆమెను అడిగేది 37 శాతం కాదు, మొత్తం బాకీ. తన వంతుకు మించి కట్టినవారు రెండోవారినుంచి రాబట్టుకోవచ్చని అదే సెక్షన్ చెబుతుంది గానీ అది వారిద్దరి మధ్య తేల్చుకోవలసిన వ్యవహారం, బ్యాంకుకు సంబంధం లేదు. ఆలస్యమైన ప్రతి వాయిదా ఇద్దరి క్రెడిట్ రిపోర్టుల్లోనూ నమోదవుతుంది. ఇంటిలో వాటా లేకుండా, కేవలం ఆదాయం చూపడానికి సంతకం చేసే చెల్లెలికో తల్లికో ఈ సంగతి ముందే విడమరచి చెప్పడం న్యాయం. ఆమె తర్వాత తన సొంత ఇంటికి రుణం అడిగినప్పుడు ఈ ఈఎంఐ ఆమె లెక్కలో కూడా కనిపిస్తుంది.

ఆస్తి వాటా విక్రయ దస్తావేజులోనే రాయించుకోవాలి. రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరు ఎంత డబ్బు పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా వస్తుంది. దానికి రుజువు లేకపోతే సమానమని భావిస్తారు. ఈ వాటాకూ ఆదాయపు పన్నుకూ నేరుగా సంబంధం ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, సొంతంగా నివసించే ఇంటి రుణంపై వడ్డీకి ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు. 45 లక్షల అప్పుకు మొదటి ఏడాది వడ్డీ సుమారు 3 లక్షల 79 వేలు. ఇల్లు, చెల్లింపు సగంసగం అయితే ఒక్కొక్కరికీ లక్షా 89 వేలు పైచిలుకు వచ్చి మొత్తం మినహాయింపులో ఇమిడిపోతుంది. 63, 37 చొప్పున అయితే భర్త వంతు 2 లక్షల 39 వేలు అవుతుంది, అందులో 39 వేలకు మినహాయింపు దక్కదు. రుణంలో ఉండి యజమాని కానివారికీ, యజమాని అయి రుణంలో లేనివారికీ ఈ మినహాయింపు రాదు. పైసా కట్టనివారు సగం తనదని చూపడమూ కుదరదు. ఈఎంఐ ఎవరి ఖాతానుంచి పోతోందో, ఉమ్మడి ఖాతా అయితే అందులో ఎవరి డబ్బు ఎంత పడుతోందో కాగితాల్లో కనిపించాలి.

రుణంతో పాటు అమ్మే బీమాలోనూ వాటా గడి ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది భర్త ఒక్కరి పేరునే నింపేస్తారు. భార్య జీతం మీద 20 లక్షల అర్హత నిలిచినప్పుడు, ఆమెకేమైనా జరిగితే ఆ భారం భర్త ఒక్కరి మీదే పడుతుంది. కనీసం ఆదాయ వాటా మేరకైనా ఇద్దరికీ కవరేజీ ఉండాలి. బ్యాంకు చూపించిన పాలసీయే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట టర్మ్ పాలసీ తీసుకోవచ్చు.

ఒకసారి చేరిన పేరును తీయడం కష్టం. విడాకులు తీసుకున్నా, అన్నదమ్ములు వేరుపడ్డా బ్యాంకు ఒప్పుకుంటేనే పేరు తొలగుతుంది. మిగిలినవారి ఆదాయం ఒక్కటే బాకీకి సరిపోతుందని బ్యాంకు మళ్లీ లెక్క చూస్తుంది. సరిపోకపోతే కొత్త కో-అప్లికెంట్‌ను తేవాలి, లేదా కొంత బాకీ ఒకేసారి తగ్గించాలి. ఇంటిలో వాటా వదులుకోవడానికి విడిగా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. కోర్టు విడాకుల ఉత్తర్వులో అప్పు ఫలానావారే కట్టాలని ఉన్నా, కేసులో పార్టీ కాని బ్యాంకు రెండోవారిని వదిలిపెట్టదు.

మంజూరు లేఖ వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని నాలుగు చోట్ల చూడాలి. పేర్లు పాన్‌లో ఉన్నట్టే ఉన్నాయా, ఎవరెవరి ఆదాయం మీద మంజూరైంది, గడువు ఎవరి వయసును బట్టి నిర్ణయించారు, బీమా ప్రీమియం రుణంలో కలిపారా. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ రుణాలకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. వడ్డీ, ఛార్జీలు, అన్నీ కలిపి ఏడాదికి పడే అసలు ఖర్చు అందులో ఒకేచోట ఉంటాయి. దాని ప్రతి ఒకటి కో-అప్లికెంట్ చేతికీ రావాలి. తేడా కనబడితే సంతకానికి ముందే రాతపూర్వకంగా సరిచేయించుకోవాలి.